ఊరి పటం చదవడం ఎలా: ఉత్తరం, గుర్తులు, స్కేలు – పెద్దాయనను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే పద్ధతి

బెంగళూరులో ఉంటూ ఊళ్ళో భూమి ఉన్న తెలుగువాళ్ళు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. నాన్నకో మామకో ఊరి పటం ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేస్తున్నారు, ఆయనకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి అని. మా మామ మదనపల్లె వైపు నుంచి వచ్చి మా ఇంట్లో పది రోజులు ఉన్నప్పుడు ఆయనకు ఏ వరుసలో చెబితే పట్టుబడిందో అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. దీన్ని పెద్దాయనకు చదివి వినిపించవచ్చు కూడా.

వరుస ముఖ్యం. మనం సాధారణంగా స్కేలుతో మొదలుపెడతాం, 1:3960 లాంటి అంకె చూడగానే పెద్దవాళ్ళకు ఆసక్తి పోతుంది. దిక్కులు మాత్రం మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. అందుకని ముందు ఉత్తరం, తర్వాత గుర్తులు, చివరికి స్కేలు.

1. మొదలుపెట్టే ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఊరి పటం. అసలు ప్రతి దొరికితే అదే, లేకపోతే జిరాక్స్. జిరాక్స్ అయితే పైన పెన్సిల్‌తో "జిరాక్స్" అని రాసి పెట్టండి, ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- అంగుళాలు, సెంటీమీటర్లు రెండూ ఉన్న ఫుట్టు స్కేలు
- నాలుగు మూరల దారం, ముడతపడని కాగితం పట్టీ
- భూమి దస్తావేజు, పాస్‌బుక్కు
- పెద్దాయన కళ్ళజోడు, పగటి వెలుతురు

సాధన చేయడానికి ఇంకో పటం కూడా ఉంటే మంచిది, బెంగళూరు ఉన్న సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ సరిపోతుంది. దాని పీడీఎఫ్‌ను ప్రింట్ తీయించేటప్పుడు ప్రింటర్ సెట్టింగ్‌లో `Fit` కాకుండా `Actual size` పెట్టమని చెప్పండి. పూర్తి షీట్‌లో పటం ఒక్కటే దాదాపు 54 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి పెద్ద కాగితం వేసే షాపుకే వెళ్ళాలి.

ఊరి పటంతోనే నేరుగా మొదలుపెట్టొచ్చు కదా అంటారేమో. మొదలుపెట్టొచ్చు గానీ అందులో తన పొలం ఉంటుంది కాబట్టి ఆయన కళ్ళు దాని మీదే ఉంటాయి, గీత కాస్త తేడాగా కనబడినా టెన్షన్ మొదలవుతుంది. తనకు సంబంధం లేని పటం మీద ఒక పూట చెయ్యి తిరిగాక సొంత పటం తీస్తే నింపాదిగా చూస్తారు.

2. ఉత్తరం: పటాన్ని గోడకు తగిలించొద్దు, నేల మీద పరచండి

మొదటిరోజు నేను చేసిన తప్పు ఇదే, పటాన్ని గోడకు అంటించి "పైన ఉత్తరం, కింద దక్షిణం మామా" అన్నాను. ఆయన "పైన ఆకాశం కదా అల్లుడూ, ఉత్తరం పైకెట్లా పోతుంది?" అన్నారు. ఆయన అడిగింది న్యాయమే. చదువుకునే రోజుల్లో గోడ పటం చూసి మనకు అలవాటైపోయింది, కాని పటం నిజంగా పడుకుని ఉన్న నేలకు బొమ్మ. అందుకే నేల మీద పరిస్తేనే దిక్కులు కలుస్తాయి.

పటం మీద ఒక మూల బాణం గుర్తు వెతకండి. ఆ బాణం మొన ఎటు ఉంటే పటంలో అటు ఉత్తరం. టోపోషీట్లలో ఉత్తరం పై అంచు వైపే ఉంటుంది. లేఅవుట్ ప్లాన్లు, కొన్ని పొలం స్కెచ్‌లు మాత్రం కాగితంలో ఇమడడానికి పక్కకు తిప్పి గీస్తారు, వాటిలో అక్షరాలు నిటారుగా ఉన్నా బాణం పక్కకు చూస్తుంటుంది. అక్షరాలను కాదు, బాణాన్నే నమ్మాలి.

ఇప్పుడు నేల మీద ఉత్తరం ఎటో తెలియాలి. ఇక్కడ మూడు చోట్ల పొరపాటు పడతారు.

ఒకటి, సూర్యుడు ఉదయించిన చోటే తూర్పు అనుకోవడం. సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబర్ నెలల్లో మూడో వారం చివరన మాత్రమే. ఉత్తరాయణం, దక్షిణాయనం అన్నవి పెద్దవాళ్ళకు తెలిసినవే కాబట్టి ఈ మాట వాళ్ళకు వెంటనే అందుతుంది. జూన్‌లో ఉత్తరం వైపు, డిసెంబర్‌లో దక్షిణం వైపు సుమారు 24 డిగ్రీల దాకా జరుగుతుంది, అంటే తూర్పుకూ ఈశాన్యానికీ మధ్య సగం దాటినట్టే.

రెండోది, మధ్యాహ్నం నీడ ఉత్తరానికి పడుతుందనుకోవడం. ఈ చిట్కా ఉత్తర భారతంలో పనిచేస్తుంది. బెంగళూరు, చెన్నై, మదనపల్లె దాదాపు 13 డిగ్రీల అక్షాంశంలో ఉన్నాయి కాబట్టి ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మూడో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపు ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఆ నెలల్లో ఈ చిట్కా పట్టుకుంటే పటం మొత్తం తలకిందులవుతుంది.

మూడోది ఫోన్‌లోని దిక్సూచి. ఇనుప గేటు, బండి, బీరువా, శ్లాబులోని కడ్డీలు పక్కన ఉంటే అది తప్పు చూపిస్తుంది. ఖాళీ స్థలంలో నిలబడి, రెండు మూడు చోట్ల చూసి, అన్నిచోట్లా ఒకటే చూపిస్తే నమ్మండి. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మన ప్రాంతంలో తేడా రెండు డిగ్రీల లోపే, మన పనికి దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఏ నెలలోనైనా పనిచేసేది కర్ర నీడ పద్ధతి. మేడ మీద చేయొచ్చు.

1. మూడడుగుల కర్రను ఒక కుండీ మట్టిలో నిటారుగా నిలబెట్టండి. దారానికి రాయి కట్టి తూకం చూసుకోండి.
2. ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో నీడ కొస దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి.
3. కర్ర మొదలు నుంచి ఆ గుర్తు దాకా దారం పట్టి, అంతే దూరంలో నేల మీద గుండ్రంగా గీత గీయండి.
4. నీడ పొట్టిదై మళ్ళీ పొడుగవుతుంది. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో దాని కొస మళ్ళీ ఆ గీతను తాకే చోట రెండో గుర్తు పెట్టండి.
5. రెండు గుర్తులనూ కలిపితే అదే తూర్పు పడమరల గీత. ఉదయం పెట్టినది పడమర కొస, మధ్యాహ్నం పెట్టినది తూర్పు కొస.
6. పడమర కొస మీ ఎడమ చేతి వైపు, తూర్పు కొస కుడి చేతి వైపు ఉండేలా నిలబడండి. మీ ముఖం ఉత్తరానికి ఉంది.

మా మామకు ఇది ఎంత నచ్చిందంటే, మధ్యలో అన్నానికి కూడా కిందికి రాలేదు.

ఆ గీత పక్కనే పటం పరచి, బాణం ఉత్తరాన్ని చూసేదాకా పటాన్ని తిప్పండి. పేర్లు తలకిందులుగా కనబడినా ఫరవాలేదు, కావాలంటే మనిషి పటం చుట్టూ తిరగాలి గానీ పటాన్ని మళ్ళీ కదపకూడదు.

3. ఉత్తరం సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

టోపోషీట్‌తో అయితే నేను మామను లాల్‌బాగ్ తీసుకెళ్ళాను. బండ మీద కూర్చుని పటాన్ని తిప్పి పెట్టుకున్నాం. పటంలో లాల్‌బాగ్ నుంచి విధానసౌధ దాదాపు నేరుగా ఉత్తరాన, కొద్దిగా తూర్పుకు ఒరిగి ఉంటుంది. కాగితం మీద ఆ రెండింటినీ కలిపే గీత ఎటు చూపిస్తుందో అటే వేలు చాచమన్నాను, నగరం నడిబొడ్డు అటే ఉంది. అక్కడితో ఆయనకు కాగితం మీది దిక్కూ నేల మీది దిక్కూ ఒకటే అన్నది కుదిరింది.

ఊరి పటానికైతే ఇంకా మంచి సాక్ష్యం ఇంట్లోనే ఉంది, దస్తావేజులోని చెక్కుబందీ. తూర్పున ఎవరి పొలం, దక్షిణాన ఏముంది, పడమర ఏముంది, ఉత్తరాన ఏముంది అని నాలుగు హద్దులూ రాసి ఉంటాయి కదా. మామ దస్తావేజులో తూర్పు వంక, ఉత్తరం బండిబాట అని ఉంది. పటంలో ఆయన సర్వే నంబరు పట్టుకుని చూస్తే వంక కుడివైపు, బండిబాట పైవైపు కనబడ్డాయి. నాలుగింటిలో కనీసం రెండు, అవి కూడా పక్కపక్క దిక్కులవి కలిస్తే పటం సరిగా పట్టుకున్నట్టే. తూర్పు పడమరలు రెండే కలిస్తే చాలదు, కాగితం తిరగేసి తీసిన నకలైతే ఉత్తర దక్షిణాలు తారుమారై ఉన్నా అవి కలవొచ్చు.

4. గుర్తుల పట్టిక: ముందు చెరువు, వంక, దారి మాత్రమే

పటం అంచున చిన్న చిన్న బొమ్మలూ గీతలూ, పక్కన వాటి పేర్లూ ఉన్న పట్టిక ఉంటుంది. మొత్తం ఒకేసారి చెప్పొద్దు. పెద్దాయన రోజూ చూసే మూడు వస్తువులను పట్టికలో వెతికించి, తర్వాత పటంలో చూపించమనండి.

టోపోషీట్‌లో రంగులే సగం పని చేస్తాయి. నీలం అంటే నీళ్ళు. ఆకుపచ్చ అంటే అడవి, చెట్లు. పసుపు అంటే సాగుభూమి. ఎరుపు అంటే ఇళ్ళు, రోడ్లు. గోధుమరంగు సన్నగీతలు ఎత్తును చెబుతాయి, అవి దగ్గరదగ్గరగా ఉంటే నిటారు గుట్ట, దూరందూరంగా ఉంటే వాలు తక్కువ. రైలుపట్టాలు నలుపు.

ఇక్కడ తరచుగా జరిగే తప్పులు రెండు. పసుపు చూసి ఎండిన బీడు అనుకుంటారు, నిజానికి అది సాగుభూమి. వంక నల్లగీతతో ఉంటే అది దారి అనుకుంటారు. వానాకాలం తప్ప నీళ్ళుండని వంకలను టోపోషీట్లలో నలుపుతో చూపిస్తారు, ఎప్పుడూ పారేవాటినే నీలంతో వేస్తారు. మన రాయలసీమ వంకలు ఎక్కువగా నల్లగానే కనిపిస్తాయి. తేడా ఎలా తెలుస్తుందంటే, వంక మెలికలు తిరుగుతూ పిల్ల వంకలను కలుపుకుంటూ పోయి చెరువులోనో ఏటిలోనో కలుస్తుంది, దారి ఊరి నుంచి ఊరికి పోతుంది.

చెరువు కట్ట పక్కన ఒక అంకె, దాని వెంట చిన్న ఇంగ్లీషు 'ఆర్' అక్షరం ఉంటే ఆ కట్ట పక్క నేలకంటే అన్ని మీటర్ల ఎత్తు ఉందని అర్థం. అది సర్వే నంబరు కాదు.

ఊరి పటం సంగతి వేరు, దాంట్లో రంగులు ఉండకపోవచ్చు. లోపలి సన్నగీతలు సర్వే నంబర్ల హద్దులు, మధ్యలోని అంకె సర్వే నంబరు, చుట్టూ చుక్కలూ గీతలూ కలిపి వేసిన మందపు గీత ఊరి పొలిమేర. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోటి రాయికి ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది, పెద్దాయనకు ఆ రాయి ఎక్కడుందో కచ్చితంగా తెలిసే ఉంటుంది, ముందు దాన్నే వెతికించండి. ఒక పటంలో నేర్చుకున్న గుర్తును ఇంకో పటానికి అంటగట్టకండి, ప్రతిసారీ ఆ పటం అంచున ఉన్న పట్టికే చూడాలి.

పటం ఏ సంవత్సరం సర్వేదో కూడా అంచునే ఉంటుంది, దాన్ని గట్టిగా చదవండి. మెజెస్టిక్ బస్టాండ్ ఉన్నచోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు ఉండేది. పటంలో ఉన్న వంక ఇప్పుడు కనబడకపోతే పటం తప్పని వెంటనే అనుకోకండి, సర్వే తర్వాత దాన్ని పూడ్చి ఉండొచ్చు.

5. స్కేలు: అంగుళానికి ఎన్ని అడుగులు

మన వైపు పాత ఊరి పటాల్లో ఎక్కువగా కనిపించే స్కేలు మైలుకు 16 అంగుళాలు. దాన్నే 1:3960 అని కూడా రాస్తారు. అంటే పటం మీద ఒకటి ఉంటే నేల మీద 3960 ఉన్నట్టు, కాబట్టి ఒక అంగుళానికి 3960 అంగుళాలు, అంటే 330 అడుగులు.

పెద్దాయనకు అడుగుల్లో కాకుండా గొలుసుల్లో చెప్పండి. 66 అడుగుల గొలుసు ఆయన చూసిందే. ఒక అంగుళం అంటే సరిగ్గా ఐదు గొలుసులు.

ఇంకా తేలికైనది విస్తీర్ణం. ఈ స్కేలులో అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ఉన్న గడి నేల మీద సరిగ్గా రెండున్నర ఎకరాలు. ఇది చెప్పగానే మామ పటం మీదికి వంగి పక్కవాళ్ళ పొలాలన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మీ పటంలో స్కేలు 1:5000 అనో ఇంకోటో ఉంటే ఈ లెక్క మారుతుంది, అందుకే ముందు అంకె చదవాలి.

టోపోషీట్ 1:50,000 అయితే రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. లాల్‌బాగ్ 240 ఎకరాలు, ఒక చదరపు కిలోమీటరుకు 247 ఎకరాలు. కాబట్టి అంత పెద్ద తోట ఆ పటంలో నాలుగు చదరపు సెంటీమీటర్లు, బొటనవేలి కింద దాదాపు దాగిపోతుంది. మన నాలుగెకరాల పొలాన్ని ఆ పటంలో వెతకొద్దు అని చెప్పడానికి ఇది చాలు. దారులు వెతకడానికి టోపోషీట్, పొలానికి ఊరి పటం.

దూరం కొలిచేటప్పుడు దారాన్ని దారి మెలికల వెంట పరచి, ఆ దారాన్ని తర్వాత ఫుట్టు స్కేలు మీద పెట్టి చూడాలి. లాల్‌బాగ్ నుంచి విధానసౌధకు నేరుగా కొలిస్తే ఆరున్నర సెంటీమీటర్లు, అంటే మూడుంబావు కిలోమీటర్లు. రోడ్ల వెంట దారం వేస్తే మీరు పట్టుకున్న దారిని బట్టి అంతకంటే ఎక్కువే వస్తుంది, నడిచేవాడికి కావాల్సింది ఆ రెండో లెక్క.

6. జిరాక్స్‌తో వచ్చే పెద్ద తప్పు: మామ నాలుగెకరాలు రెండెకరాలైన వైనం

మామ బెంగళూరు రావడానికి అసలు కారణం ఇదే. పాస్‌బుక్కులో నాలుగెకరాలు ఉంది. ఊళ్ళో ఎవరో చదువుకున్న కుర్రాడు పటం కొలిచి "ఇది రెండెకరాలే" అన్నాడట. పక్కవాళ్ళు గట్టు జరిపారేమోనని రెండు నెలలు నిద్రపట్టలేదు ఆయనకు.

నేనూ కొలిచాను. పటంలో ఆ పొలం ఒక అంగుళం పొడవు, అంగుళంలో పదింట ఎనిమిది వంతుల వెడల్పు. అంటే 0.8 చదరపు అంగుళం. దాన్ని రెండున్నరతో గుణిస్తే రెండెకరాలే. కుర్రాడి లెక్క తప్పు కాదు.

తప్పు కాగితంలో ఉంది. కింద మూల ఫర్లాంగు పొడవు చూపే గీత ఒకటి ఉంది, స్కేలు గీత అంటారు. ఫర్లాంగు 660 అడుగులు, అంటే ఈ స్కేలులో ఆ గీత రెండు అంగుళాలు ఉండాలి. కొలిస్తే ఒక అంగుళం, పదింట నాలుగు వంతులే ఉంది. ఏ3 కాగితం మీది పటాన్ని జిరాక్స్ షాపులో ఏ4కి తగ్గించి తీశారన్నమాట. అలా తగ్గిస్తే పొడవులు నూటికి 71 వంతు అవుతాయి, విస్తీర్ణం సగమవుతుంది. పటం కుదించుకుపోయినా "మైలుకు 16 అంగుళాలు" అన్న అక్షరాలు మాత్రం అలాగే ఉంటాయి, అవి ఇప్పుడు అబద్ధం. స్కేలు గీత మాత్రం పటంతో పాటే కుదించుకుపోయింది కాబట్టి అది ఇంకా నిజమే చెబుతోంది.

సరిచేసిన లెక్క ఇది. గీత ప్రకారం ఈ కాగితం మీద ఒక అంగుళానికి సుమారు 471 అడుగులు. పొలం పొడవు 471, వెడల్పు 377 అడుగులు. ఈ రెండింటినీ గుణించి 43,560తో భాగిస్తే దాదాపు నాలుగెకరాలు. మామ ఆ అంకె విని కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత ఊరికి ఫోన్ చేసి అత్తకు చెప్పారు.

మీ కాగితాన్ని ఇలా పరీక్షించండి:

- స్కేలు గీత ఉందా? దాని పొడవు పక్కన రాసిన స్కేలుతో కలుస్తోందా?
- కలవకపోతే అక్షరాలను కొట్టేసి, గీతనే పట్టుకోండి. కాగితం పట్టీ మీద ఆ గీత పొడవును పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే అదే మీ కొలబద్ద.
- గీత లేకపోతే, నేల మీద టేపుతో మీరే కొలవగలిగిన రెండు గుర్తుల మధ్య దూరాన్ని పటంతో పోల్చండి. ఎంత దూరంగా ఉన్నవైతే అంత మంచిది.
- ఫోన్‌లో తీసిన ఫొటోను ప్రింట్ చేసిందైతే కొలవకండి. ఫోన్ వంపుగా పట్టుకుంటే ఒక వైపు కుదించుకుపోతుంది, దాన్ని ఇలాంటి లెక్కతో సరిచేయలేం.

7. పటంతో తేలనివి

గట్టు మూడడుగులు ఇటు జరిగిందా అటు జరిగిందా అన్నది ఊరి పటంతో తేలదు. పెన్సిల్‌తో గీసిన అర మిల్లీమీటరు గీత మందమే 1:3960 పటంలో నేల మీద ఆరడుగుల పైన అవుతుంది. అలాంటి తగాదాకు ఆ సర్వే నంబరు కొలతలు విడిగా రాసి ఉండే ఎఫ్‌ఎంబీ స్కెచ్ కావాలి, కొలవడానికి సర్వేయర్ రావాలి.

సర్వేయర్ వచ్చిన రోజు పెద్దాయన చేతిలో ఉండాల్సినవి:

- పొలిమేర రాయి, పొలం మూల రాళ్ళు గుర్తుపెట్టిన ఊరి పటం
- చెక్కుబందీ ఉన్న దస్తావేజు
- స్కేలు గీత నకలు ఉన్న కాగితం పట్టీ
- వంక, బండిబాట ఏ దిక్కున ఉన్నాయో ఆయన చేత్తో రాసుకున్న చీటీ

మామ పటం తప్ప మిగతా మూడూ ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని మదనపల్లె బస్సు ఎక్కారు. పటాన్ని మాత్రం మడత పడకుండా చుట్టి చేత్తో పట్టుకున్నారు, మడత మీద గీతలు అరిగిపోతే పొలం హద్దు కనబడదని.